రెన్యువల్ మెయిల్ నిజమో కాదో బ్యాంకు యాప్‌లో తేలుతుంది

ప్రశ్న: నా యాంటీవైరస్ రెన్యువల్ అయిందనీ, 24 గంటల్లో కార్డు నుంచి రూ.28,499 తీసుకుంటామనీ మెయిల్ వచ్చింది. వద్దనుకుంటే ఫోన్ చేయమని ఒక నంబరు ఇచ్చారు. రెండేళ్ల క్రితం యాంటీవైరస్ కొన్నమాట నిజమే. ఫోన్ చేయవచ్చా? (గాజువాక, విశాఖపట్నం)

జవాబు: ఆ నంబరుకు ఫోన్ చేయకండి. లోగోను, బిల్లు నంబరును ఎవరైనా తయారు చేయగలరు కాబట్టి, మెయిల్‌ను ఎంత పరిశీలించినా నిజం తేలదు. అది మీ బ్యాంకు దగ్గర తేలుతుంది.

మన బ్యాంకుల కార్డుల నుంచి సబ్‌స్క్రిప్షన్ సొమ్ము దానంతటదే పోవాలంటే, మీరు ఓటీపీతో ఒప్పుకున్న ఈ-మాండేట్ అనే అనుమతి ముందే నమోదై ఉండాలి. 2021 అక్టోబరు 1 నుంచి అమలవుతున్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, సొమ్ము తీసే ముందు కనీసం 24 గంటల వ్యవధి ఇచ్చి, సంస్థ పేరు, మొత్తం, తేదీ చెబుతూ మీ బ్యాంకే సందేశం పంపాలి. పైగా రూ.15,000 దాటిన సబ్‌స్క్రిప్షన్‌కు ప్రతిసారీ ఓటీపీ కావాలి. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లులకు మాత్రమే ఆ పరిమితి రూ.లక్ష. కాబట్టి మీ మెయిల్ చెబుతున్న రూ.28,499 ఓటీపీ లేకుండా ఆటోపేలో పోయే సొమ్ము కాదు.

అయితే రేపు రూ.1,499కు మెయిల్ వస్తే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు బ్యాంకు యాప్‌ను మీరే తెరిచి, కార్డుల విభాగంలో ఈ-మాండేట్ల జాబితా చూడండి. యూపీఐ యాప్‌లో ఆటోపే, ఫోన్‌లోని ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల జాబితా కూడా చూడండి. వాటిలో మెయిల్‌లోని సంస్థ పేరు ఉంటే, సొమ్ము పోయే తేదీకి ముందే అక్కడే రద్దు చేసి, సంస్థ ఖాతాలోనూ రద్దు చేయండి. లేకపోతే మెయిల్‌ను తొలగించండి. ఒక్క జాగ్రత్త: కొన్ని విదేశీ వెబ్‌సైట్లలో ఓటీపీ లేకుండానే కార్డు పనిచేస్తుంది కనుక, అవసరం లేనప్పుడు అంతర్జాతీయ వాడకాన్ని యాప్‌లో ఆపి ఉంచండి.

సీతమ్మధారలో నా సలహా తీసుకునే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఇలాంటి నంబరుకే ఫోన్ చేశారు. అవతలి వ్యక్తి "డబ్బు వెనక్కి ఇస్తామండి" అంటూ ఈయన స్క్రీన్ తనకు కనిపించే యాప్ వేయించి, నెట్‌బ్యాంకింగ్ తెరవమన్నాడు. ఓటీపీ వచ్చినప్పుడు ఆయన సందేశం మొత్తం చదివితే, అందులో రూ.48,000 చెల్లింపు అని ఉంది. డబ్బు మనకు రావడానికి ఓటీపీ అక్కర్లేదని ఆయనకు అక్కడ తట్టి, ఫోన్ పెట్టేసి, నెట్ ఆపి, యాప్ తీసేసి, మరో ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చుకున్నారు.

మీరు ఇప్పటికే ఫోన్ చేసి ఏవైనా వివరాలు చెప్పి ఉంటే, ఈ రోజే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి. సొమ్ము పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి. ఓటీపీ మీరే చెప్పిన సందర్భంలో, బ్యాంకుకు తెలియజేసే వరకు పోయిన సొమ్ము మీ నష్టమే. తెలియజేసిన తరువాత పోయే సొమ్ముకు బ్యాంకే బాధ్యత వహించాలి.