x² sin(1/x) లిమిట్: జవాబు సున్నానే, మరి మార్కులు ఎందుకు పోయాయి?

ప్రశ్న: ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నాను సార్. x సున్నాకి దగ్గరవుతుంటే x² sin(1/x) లిమిట్ ఎంత అని అడిగారు. x² లిమిట్ 0, సున్నాని దేంతో గుణించినా సున్నాయే కాబట్టి జవాబు 0 అని రాశాను. జవాబు కరెక్టే, అయినా మార్కులు కోసేశారు. శాండ్‌విచ్ థియరమ్‌తో చేయాలన్నారు. ఈఏపీసెట్, జేఈఈ రెండూ రాస్తాను, డిగ్రీలో మ్యాథ్స్ తీసుకునే ఆలోచన కూడా ఉంది. దీన్ని ఎంతవరకు చదవాలి?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మార్కులు పోయింది ‘దేంతో గుణించినా’ అన్న మాట దగ్గరే. రెండు ఫంక్షన్ల లబ్ధానికి లిమిట్‌ని విడివిడి లిమిట్ల లబ్ధంగా రాయాలంటే, ఆ రెండు లిమిట్లూ ముందు ఉండాలి. ఇక్కడ sin(1/x) కి 0 దగ్గర లిమిటే లేదు. లేని సంఖ్యని సున్నాతో గుణించి సున్నా తెచ్చారు కాబట్టి దిద్దేవారు ఆ లైను ఒప్పుకోలేరు. అదే వాదనని x² · (1/x²) మీద వాడి చూడండి. x² సున్నాకి వెళ్తుంది కదా అని జవాబు 0 అనేస్తే తప్పు. ఆ లబ్ధం x ఎంత చిన్నదైనా 1 గానే ఉంటుంది.

sin(1/x) కి లిమిట్ ఎందుకు లేదో మూడు విలువలతో తేలిపోతుంది. x = 1/(200π), అంటే సుమారు 0.0015916 దగ్గర దాని విలువ 0. కొంచెం తగ్గి x = 2/(401π), అంటే సుమారు 0.0015876 కి రాగానే విలువ 1. ఇంకాస్త తగ్గి x = 2/(403π), సుమారు 0.0015797 దగ్గర −1. x కదిలింది లక్షలో ఒక వంతు మేర మాత్రమే, ఈలోపే సైన్ ఈ చివర నుంచి ఆ చివరికి ఊగిపోయింది. సున్నాకి ఇంకా దగ్గరికి వెళ్తే ఊగడం ఇంకా వేగంగా జరుగుతుంది. ఏ ఒక్క విలువ దగ్గరా నిలవదు. (కాలిక్యులేటర్‌లో చూసేటప్పుడు రేడియన్ మోడ్ పెట్టుకోండి, డిగ్రీల్లో ఉంటే ఈ మూడు విలువలూ రావు.)

ఇప్పుడు అవే చోట్ల x² sin(1/x) చూడండి. x² విలువ దాదాపు 0.0000025. కాబట్టి సైన్ ఎంత ఊగినా లబ్ధం +0.0000025 కీ −0.0000025 కీ మధ్యలోనే ఉండాలి. సైన్ విలువ ఎంతో మనకి తెలియక్కర్లేదు, అది −1 కీ 1 కీ మధ్య ఉంటుందని తెలిస్తే చాలు. శాండ్‌విచ్ థియరమ్ ఈ మాటనే వాడుకుంటుంది. ఆన్సర్ షీట్ మీద ఇలా రావాలి:

x ≠ 0 అయినప్పుడు −1 ≤ sin(1/x) ≤ 1.
x² > 0 కాబట్టి x² తో గుణిస్తే −x² ≤ x² sin(1/x) ≤ x².
x → 0 అయినప్పుడు −x² → 0, x² → 0.
కాబట్టి శాండ్‌విచ్ సిద్ధాంతం ప్రకారం x² sin(1/x) → 0.

నాలుగే లైన్లు, కానీ రెండో లైన్లో ‘x² > 0 కాబట్టి’ అన్న మాట చాలామంది వదిలేస్తారు. లెక్క మొత్తం దాని మీదే నిలబడింది. మొదటి లైన్లో ‘x ≠ 0’ కూడా రాయాలి, ఎందుకంటే 0 దగ్గర 1/x కి అర్థం లేదు. లిమిట్‌కి దాంతో ఇబ్బంది లేదు, లిమిట్ చూసేది 0 చుట్టుపక్కల విలువల్నే గానీ 0 దగ్గరి విలువని కాదు.

ఆ మాట వదిలేస్తే ఏమవుతుందో x sin(1/x) లెక్కలో బయటపడుతుంది. చాలామంది అలవాటుగా −x ≤ x sin(1/x) ≤ x అని రాసేస్తారు. x = −0.1 పెట్టి చూడండి. ఎడమ పక్క 0.1, కుడి పక్క −0.1 వస్తాయి. 0.1 కంటే పెద్దదై −0.1 కంటే చిన్నదైన సంఖ్య ఎక్కడా ఉండదు. రుణ సంఖ్యతో గుణిస్తే అసమానత గుర్తు తిరగబడాలి, ఇక్కడ తిప్పలేదు. ఎడమ, కుడి లిమిట్లు విడివిడిగా చేయడం ఒక దారి. అంతకంటే తేలిక దారి −|x| ≤ x sin(1/x) ≤ |x| అని రాయడం. |x| ఎప్పుడూ రుణాత్మకం కాదు కాబట్టి ఇది రెండు వైపులా నిలుస్తుంది. x³ వచ్చినా ఇంతే, |x|³ వాడండి. బేసి ఘాతం కనబడితే చాలు, పరమ మూల్యం గుర్తుకు రావాలి.

రెండో తప్పు, రెండు పక్కలూ ఒకే సంఖ్యకి చేరకపోయినా ముగింపు రాసేయడం. (1 + x²) sin(1/x) కి హద్దులు −(1 + x²), 1 + x². ఇవి −1 కీ 1 కీ చేరతాయి. ఇక్కడ శాండ్‌విచ్ ఏమీ చెప్పదు. లిమిట్ ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు. లేదని చూపాలంటే పైన చేసినట్టు రెండు రకాల x లు పట్టుకోవాలి. x = 1/(nπ) వెంట వెళ్తే విలువ 0 గానే ఉంటుంది, x = 2/((4n+1)π) వెంట వెళ్తే 1 కి చేరుతుంది. ఒకే చోటికి రెండు దారుల్లో వెళ్తే రెండు సంఖ్యలు వచ్చాయి, కాబట్టి లిమిట్ లేదు.

ప్రశ్నలో x → 0 బదులు x → ∞ అని ఉంటే కథ పూర్తిగా మారిపోతుంది. హద్దులు −x², x² అప్పుడూ నిజమే, కానీ అవి రెండు వైపులకీ పారిపోతాయి కాబట్టి పనికిరావు. x = 1000 అనుకోండి. sin(0.001) దాదాపు 0.001, దాన్ని 10,00,000 తో గుణిస్తే దాదాపు 1000. x పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతూనే పోతుంది. x sin(1/x) అయితే 1 కి చేరుతుంది. ఆప్షన్లలో 0, 1 రెండూ ఇచ్చే ప్రశ్నల్లో పొరపాటు జరిగేది ఇక్కడే, బాణం కింద ఏముందో చూడకపోవడం వల్ల.

ఇక మీ పరీక్షల సంగతి. ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, వాటిలో 80 మ్యాథ్స్. ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. ‘సున్నాకి వెళ్లేది × హద్దుల్లో ఉండేది = సున్నాకి వెళ్లేది’ అన్న ఒక్క వాక్యం గుర్తుంటే అక్కడ సరిపోతుంది. మీరు రాసిన ‘దేంతో గుణించినా’ అన్నదాన్ని ‘హద్దుల్లో ఉండేదాంతో గుణిస్తే’ అని సరిచేసుకుంటే చాలు, అది నిఖార్సైన నియమం అయిపోతుంది. బోర్డు పరీక్షకి మాత్రం పై నాలుగు లైన్లూ రాయాలి.

జేఈఈకి ఇది చాలదు, ఎందుకంటే అక్కడ సైన్ లేకుండా కూడా ఇదే ఆలోచన అడుగుతారు. 2018 జేఈఈ మెయిన్‌లో వచ్చిన లెక్క: [ ] అంటే గ్రేటెస్ట్ ఇంటీజర్ ఫంక్షన్ అయితే, x → 0+ అయినప్పుడు x([1/x] + [2/x] + … + [15/x]) లిమిట్ ఎంత? [1/x] విలువ x ని బట్టి మెట్లు మెట్లుగా దూకుతుంది, దాన్ని సూటిగా పట్టుకోలేం. కానీ ఏ సంఖ్య t తీసుకున్నా t − 1 < [t] ≤ t అని తెలుసు. t బదులు k/x పెట్టి x తో గుణించండి. x ధనాత్మకం కాబట్టి గుర్తు తిరగదు:

k − x < x[k/x] ≤ k

k = 1 నుంచి 15 వరకు ఇలాంటి 15 అసమానతల్ని కూడితే 120 − 15x < మొత్తం ≤ 120. x సున్నాకి వెళ్తే రెండు పక్కలూ 120, అదే జవాబు. ప్రశ్నలో 0+ అని ఇచ్చిన ఆ చిన్న ప్లస్ గుర్తే గుణకారాన్ని నిశ్చింతగా చేయనిచ్చింది. ఇలాంటివి చేతితో పదీ పదిహేను చేయండి. ప్రతిసారీ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇందులో పట్టు చిక్కనిది ఏది, దానికి హద్దులు ఏవి?

డిగ్రీలో మ్యాథ్స్ అన్నారు కాబట్టి ఇంకొంచెం ముందుకి వెళ్లండి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షల్లో ఆప్షన్లతో పాటు సాధన రాసి చూపే ప్రశ్నలూ ఉంటాయి. అక్కడ ‘కాబట్టి’ అన్న మాటకి కారణం చూపాలి. మీ లెక్కనే ఇలా పెంచి చూసుకోండి. f(x) = x² sin(1/x), f(0) = 0 అనుకుందాం. 0 దగ్గర డెరివేటివ్ కావాలంటే f(h)/h = h sin(1/h) లిమిట్ చూడాలి, అది −|h|, |h| మధ్య నలిగి 0 అవుతుంది. కాబట్టి f′(0) = 0. మిగతా చోట్ల f′(x) = 2x sin(1/x) − cos(1/x). మొదటి పదం మళ్లీ శాండ్‌విచ్‌తో 0 కి పోతుంది, రెండోది 1 కీ −1 కీ మధ్య ఊగుతూనే ఉంటుంది. అంటే 0 దగ్గర డెరివేటివ్ ఉంది, కానీ f′ కి అక్కడ కంటిన్యుటీ లేదు. x² బదులు x పెడితే 0 దగ్గర డెరివేటివే ఉండదు, x³ పెడితే f′ కూడా కంటిన్యువస్ అవుతుంది. ఈ మూడూ పక్కపక్కన రాసి, ఒక్కొక్కటి ఎక్కడ నిలుస్తోందో ఎక్కడ తప్పుతోందో మీ చేత్తో తేల్చుకోండి. జేఈఈలోనూ ఇది పనికొస్తుంది.

బీఎస్సీలో రియల్ అనాలిసిస్ మొదలవగానే చాలామందిని భయపెట్టే ఎప్సిలాన్–డెల్టా కూడా ఈ లెక్కలో మీరు దాదాపు చేసేశారు. |x² sin(1/x)| ≤ x² అని మీ రెండో లైనే చెబుతోంది. తేడా ε కంటే తక్కువ ఉండాలని ఎవరైనా అడిగితే x² < ε అయితే చాలు, అంటే |x| < √ε. కాబట్టి δ = √ε. తేడా 0.0001 లోపు కావాలంటే x ని సున్నాకి 0.01 లోపు ఉంచాలి. అదే x sin(1/x) కయితే δ ఎంత తీసుకోవాలో ఈ రాత్రికే కాగితం మీద రాసి చూడండి, ఒక్క లైనులో వస్తుంది.