లోగో చుట్టూ ఆ తెల్ల గీత ఎందుకు పోదు?

తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉన్న మా లోగోను మ్యాజిక్ వాండ్‌తో కత్తిరించి ముదురు నీలం బ్యానర్ మీద పెట్టాను. చుట్టూ తెల్ల గీత కనిపిస్తోంది. టాలరెన్స్ పెంచితే గీత పోతోంది కానీ అంచు రంపపు పళ్లలా అవుతోంది. ఏం చేయాలి?

మ్యాజిక్ వాండ్‌ను పక్కన పెట్టండి. ఈ పనికి అది పనికిరాదు. అయినా ఎడిటర్లు దాన్నే ముందు పెడతాయి, అందుకే ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది.

లోగోను పెద్దది చేసి అంచు చూడండి. లోగో రంగు ముదురు ఎరుపు, అంటే 128, 0, 0 అనుకుందాం. అంచులోని ఒక పిక్సెల్‌లో సగం లోగో, సగం తెలుపు ఉంటే దాని రంగు సుమారు 192, 128, 128. అంటే లేత గులాబీ. తెలుపు మీద అది నున్నటి అంచులా కనిపిస్తుంది, నీలం మీద తెల్ల గీత అవుతుంది. వాండ్‌కు ఆ పిక్సెల్‌ను ఉంచడమో తీసేయడమో తప్ప తెలియదు. ఉంచితే గీత, తీసేస్తే రంపం.

కావాల్సింది అందులో కలిసిన తెలుపును మాత్రమే వెనక్కి లాగడం. ఉచిత ఫొటో ఎడిటర్ జింప్‌లో Color to Alpha చేసేది అదే. ఆ గులాబీ పిక్సెల్ సగం పారదర్శకమైన ముదురు ఎరుపుగా మారుతుంది, ఏ బ్యానర్ మీదైనా కలిసిపోతుంది. కత్తిరించని అసలు ఫైల్‌తోనే మొదలుపెట్టండి. బయటి తెలుపును వాండ్‌తో సెలెక్ట్ మాత్రమే చేసి, తీసేయకుండా, Select మెనూలో Grow తో 2 పిక్సెల్స్ లోపలికి పెంచి, అప్పుడు వాడండి. లేకపోతే అక్షరాల్లోని తెలుపు కూడా మాయమవుతుంది. లోగో రంగు లేతగా ఉంటే అంచు పలచబడుతుంది. అప్పుడు Opacity threshold పక్కనున్న పికర్‌తో లోగో రంగు మీద నొక్కండి. సైజు తగ్గించడం ఆఖర్న, సేవ్ చేసేది పీఎన్‌జీగా.

గీత పోయినా అంచు బయట మురికి చుక్కలు మిగిలాయంటే మీ ఫైల్ చాలావరకు జేపెగ్ అయి ఉంటుంది. ఆ మచ్చలు కుదింపులో పుట్టినవి, పూర్తిగా పోవు. లోగో గీసినవాళ్లను ఎంత పెద్దది చేసినా అంచు చెడని ఎస్‌వీజీ ఫైల్ అడగండి.

నాకు అసలు టెన్షన్ వేరే. ఈ గీత కోసం చాలామంది లెటర్‌హెడ్ స్కాన్‌ను, సంతకం, స్టాంపుతో సహా, ఊరూపేరూ తెలియని ‘ఉచిత’ బ్యాక్‌గ్రౌండ్ రిమూవర్ సైట్లలోకి ఎక్కిస్తున్నారు. అవి తిరిగిచ్చేది పారదర్శకమైన సంతకం. దాన్ని ఏ కాగితం మీదైనా అతికించవచ్చు! అవతలి సర్వర్‌లో ఆ ఫైల్ ఎన్నాళ్లుంటుందో, ఎవరు చూస్తారో మీకు తెలిసే దారి లేదు. సంతకం ఉన్న కాగితాన్ని మీ కంప్యూటర్‌లోనే శుభ్రం చేయండి. అంత ఓపిక లేకపోతే ముందు లోగో భాగం మాత్రమే క్రాప్ చేసి, అది మాత్రమే ఎక్కించండి.