భుజం మీద చేయి ఎవరిది?

"మా తాతయ్య పోయి నాలుగేళ్లయింది. ఈమధ్య అందరం కలిసి తీయించుకున్న గ్రూపు ఫోటోలో ఆయన్ని కూడా చేర్చి, నాన్నమ్మ పుట్టినరోజు నాడు అందరి ముందూ ఇవ్వాలనుకుంటున్నాను. నాన్న, తాతయ్య చివరి ఆరేళ్లూ మాట్లాడుకోలేదు. అందుకే తాతయ్య చేయి నాన్న భుజం మీద ఉన్నట్టు పెడదామనుకున్నాను. ముందే చెప్తే నాన్న వద్దంటారు. తాతయ్యవి రెండు ఫోటోలున్నాయి. ఒకటి వయసులో ఉన్నప్పటి నలుపు తెలుపు స్టూడియో ఫోటో. రెండోది చివరి రోజుల్లో గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న చిన్న రంగుల ఫోటో. ఏది పెట్టినా మసకగా, అతికించినట్టు ఉంది. కొత్త ఫోటోలో కలిసిపోవాలంటే ఏం చేయాలి?"

మసక సంగతి ఒక పూటలో తేలిపోతుంది. ఆ చేయి సంగతి అలా తేలదు. మీ దగ్గరున్న రెండు ఫోటోల్లో ఒకటి ఎటూ పనికిరాదు, ఆ కారణం కింద చెప్తాను. రెండోదాంట్లో ఉన్నవి తల, భుజాలు, ఛాతీ పైభాగం, అంతే. అంటే మీ నాన్నగారి భుజం మీద వేయబోయే చేయి ఇంకెవరిదో అయి ఉంటుంది. వేరే మనిషి చేతిని కోసి తెచ్చి, ఆయన తండ్రి ఆయన్ని దగ్గరకు తీసుకున్నట్టు చూపిస్తారు. అదీ ఆయనకు తెలియకుండా, చుట్టాలందరి ముందు. ఆ క్షణంలో ఆయన నవ్వితే అబద్ధం, ముఖం తిప్పుకుంటే తల్లి పుట్టినరోజు పాడుచేసిన కొడుకు. కన్నతండ్రిని అలాంటి చోట నిలబెట్టే హక్కు బిడ్డలకు లేదని నా నమ్మకం. ఆయన, తాతయ్య మాట్లాడుకోలేదన్న బాధ మీకుంది. కానీ ఆ ఆరేళ్ల గురించి మీరు, మీ నాన్నగారు ఎప్పుడైనా కూర్చుని మాట్లాడుకున్నారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. మీకు అడ్డుగా ఉన్నది ఆ మాటే అనిపిస్తోంది.

కాబట్టి చేయి వద్దు. ఇక ఫోటో పని.

స్టూడియో ఫోటోను పక్కన పెట్టండి. అందులో తాతయ్య మీ నాన్నగారి ఇప్పటి వయసు కంటే చిన్నవారు. పక్కపక్కన చూస్తే తండ్రి కంటే కొడుకు పెద్దగా కనిపిస్తాడు. నాన్నమ్మ దగ్గర పెడితే ఆమె కొడుకుల్లో ఒకరిలా ఉంటారు. నాన్నమ్మ చివరిదాకా చూసిన ముఖం ఆ చిన్న రంగుల ఫోటోలో ఉంది, అదే వాడండి.

చిన్నదని భయపడకండి. దాన్ని ఫోన్‌తో ఫోటో తీయకుండా, అద్దం తుడిచిన ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద పెట్టి 1200 dpi దగ్గర, రంగుల్లో, TIFF ఫైలుగా స్కాన్ చేయండి. స్కానర్‌లో పదును పెంచే సెట్టింగు ఉంటే ఆపేయండి, అది కాగితం మీది గీతల్ని కూడా పెంచుతుంది. గడ్డం నుంచి నడినెత్తి వరకు ముఖం 25 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, స్కాన్‌లో అది దాదాపు 1180 పిక్సెళ్లు వస్తుంది. ఇప్పుడు గ్రూపు ఫోటో తెరిచి వెనక వరసలో ఒకరి ముఖాన్ని అలాగే కొలవండి. పది పన్నెండు మంది ఉన్న ఫోటోలో అది 300 పిక్సెళ్ల లోపే ఉండటం మామూలు. అంటే తాతయ్య ముఖాన్ని నాలుగో వంతుకు తగ్గించాలి. అలా తగ్గించినప్పుడు చుట్టుపక్కల పిక్సెళ్లు కలిసిపోయి మచ్చలు, గరుకుదనం చాలావరకు పోతాయి. ఇన్నాళ్లూ మీకు మసకగా కనిపించింది చాలావరకు పెద్దది చేసి చూడటం వల్ల, లేదా ఫోన్‌లో చేతులు మారి నలిగిన కాపీని వాడటం వల్ల. ఒరిజినల్ ప్రింట్ ఇంట్లోనే ఉంటుంది, వెతకండి.

తగ్గించాక కూడా అతికించినట్టు ఉంటే, నలుపును చూడండి. పాత ప్రింట్‌లో నల్లని చోట్లు వెలిసి బూడిదరంగుకు తిరుగుతాయి. ఫోటోషాప్ Info ప్యానెల్లో 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. అందులో చూస్తే కొత్త ఫోటోలో జుట్టు నీడ 20 దగ్గర ఉంటే, పాతదాంట్లో కంటిపాప కూడా 50 చూపించవచ్చు. Levelsలో ఎడమ చివరి గుర్తును లోపలికి జరిపి రెండింటినీ దగ్గరకు తెండి. రంగుల ప్రింట్ ఎర్రబడి ఉంటే ఆయన తెల్లచొక్కాను, పక్కవారి తెల్లబట్టను పోల్చి ఎరుపు తగ్గించండి. చర్మం రంగును చూసి సరిచేయబోతే మనిషి మారిపోతాడు.

తర్వాత వెలుతురు. కార్డు ఫోటోల్లో వెలుగు ఎదురుగా పడుతుంది, ముక్కుకు నీడ ఉండదు. మీ గ్రూపు ఫోటోలో అందరి ముక్కు నీడ ఒకవైపు పడి ఉంటే, ఆ వైపు చెంప మీద మెత్తని బ్రష్‌తో 15, 20 శాతం ఒపాసిటీలో పల్చగా నీడ దించండి. సులువు కదా అని ఫోటోను అద్దంలోలా తిప్పెయ్యకండి. పాపిడి, పుట్టుమచ్చ వైపు మారతాయి. మిగతావాళ్లకు తెలియకపోవచ్చు గానీ, అంతకాలం కలిసి కాపురం చేసిన నాన్నమ్మకు చూడగానే ఎక్కడో తేడా కొడుతుంది, ఏమిటో చెప్పలేక బాధపడుతుంది.

తెల్లజుట్టు అంచున పాత నీలం బ్యాక్‌గ్రౌండ్ సన్నని గీతలా మిగులుతుంది. ఆ అంచు మీద మాత్రం రంగు తీసేయండి. చివర్లో 0.5 పిక్సెల్ Gaussian Blur, పక్కవారి ముఖాల్లో కనిపించేంత Noise, అంతకు మించి వద్దు. కనుబొమలు దిద్దడం, పెదవులకు కాస్త నవ్వు గీయడం లాంటివి చేయకండి. ఆయన ముఖంలో లేనిది మీరు పెట్టకూడదు.

ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. ఛాతీ వరకే ఉన్న ఫోటో వరస చివర నిలబడలేదు, కింద ఏమీ లేదని తెలిసిపోతుంది. వెనక వరసలో ఇద్దరి మధ్య, వాళ్ల భుజాలు ఆయన భుజాలకు ముందుగా వచ్చేలా పెడితేనే అతుకు కనిపించదు. ఎక్కువ గ్రూపు ఫోటోల్లో అలాంటి ఖాళీ ఒకటో రెండో ఉంటుంది. నాన్నగారి వెనక ఉన్నదాన్ని వదిలి, కుర్చీలో కూర్చున్న నాన్నమ్మ వెనక మనవల మధ్య చూడండి. అక్కడ ఆయన ఉండటానికి ముఖ్యంగా కావలసింది నాన్నమ్మ అనుమతి. ఆమెను కూడా అడగాలి, అందరి ముందు కాకుండా, ముందు రోజు ఒంటరిగా కూర్చోబెట్టి చూపించి. పోయిన మనిషి హఠాత్తుగా పక్కన నిలబడి కనిపిస్తే సంతోషిస్తుందో, కుప్పకూలుతుందో మీరు ఊహించలేరు.

ప్రింట్ వెనక పెన్సిల్‌తో రాయండి: తాతయ్యను తర్వాత చేర్చాం, ఫలానా ఫోటో నుంచి, ఫలానా తేదీన. మార్చని గ్రూపు ఫోటోను విడిగా దాచండి. మీ పిల్లలు పెద్దయ్యాక ఆ రోజు తాతయ్య అక్కడున్నారనుకోకూడదు.

వీటన్నిటి కంటే ముందు ఒక పని ఉంది. ఫోటో చేతిలో లేకుండా నాన్నగారి దగ్గరకెళ్లండి. "తాతయ్యను నాన్నమ్మ వెనక నిలబెడదామనుకుంటున్నాను, మీకెలా ఉంటుంది నాన్నా?" అని అడగండి. ఆయన వెంటనే జవాబు చెప్పకపోతే కాసేపు అక్కడే కూర్చోండి. ఇద్దరూ ఒకే ఫోటోలో వద్దంటే, నాన్నమ్మ కోసం ఆ చిన్న ఫోటోను బాగుచేసి విడిగా ప్రింట్ చేసి, గ్రూపు ఫోటోకు కట్టించిన ఫ్రేములాంటిదే కట్టించి పక్కన పెట్టండి. అంత మంచి స్కాన్ నుంచి చిన్న ప్రింట్ శుభ్రంగా వస్తుంది.