డాక్టర్ సలహా: కిడ్నీ బయాప్సీ కంటే ముందు ఆ కాలు చూపించండి

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. రెండు నెలలుగా ముఖం, పాదాలు వాస్తున్నాయి. ఎడమ కాలు పిక్క దగ్గర ఇంకొంచెం ఎక్కువగా ఉంది. 24 గంటల మూత్రంలో ప్రొటీన్ 6.1 గ్రాములు, రక్తంలో ఆల్బుమిన్ 2.1, క్రియాటినిన్ 0.8 వచ్చాయి. షుగర్ లేదు. మోకాళ్ల నొప్పులకు అప్పుడప్పుడు షాపులో మాత్రలు తెచ్చుకునేదాన్ని, ఆరు నెలలుగా నాటు వైద్యుడిచ్చిన భస్మం వాడుతున్నాను. నెఫ్రాలజిస్ట్ బయాప్సీ చేయించుకోమంటున్నారు. కిడ్నీ ముక్క తీస్తే ఉన్న కిడ్నీ కూడా పాడవుతుందని ఇంట్లో వాళ్లు భయపడుతున్నారు. బయాప్సీ లేకుండా మందులతో తగ్గదా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆపింది బయాప్సీ కాదు, ఎడమ కాలు. కిడ్నీ జబ్బు వల్ల వచ్చే వాపు సాధారణంగా రెండు కాళ్లకూ సమానంగా ఉంటుంది. ఒక పిక్క మాత్రమే ఎక్కువగా వాచిందంటే, ఆ కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని మేము అనుమానించక తప్పదు. మూత్రంలో ఇంత ప్రొటీన్ పోతున్నప్పుడు రక్తం గడ్డకట్టకుండా కాపాడే ప్రొటీన్లు కూడా దానితో పాటే పోతాయి కాబట్టి, ఆల్బుమిన్ 2.1 ఉన్న మనిషిలో ఈ ప్రమాదం మామూలు మనిషి కంటే బాగా ఎక్కువ. ఈ జవాబు చదివిన రోజే, కుదరకపోతే మరునాడైనా, కాలికి డాప్లర్ స్కాన్ చేయించండి. అంతవరకు ఆ పిక్కకు నూనె రాసి మర్దన చేయించుకోవద్దు. ఉన్నట్టుండి ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

దీనికీ బయాప్సీకీ సంబంధం ఉంది. గడ్డ ఉందని తేలితే రక్తాన్ని పలుచబరిచే మందు మొదలుపెట్టాలి. ఆ మందు మీద ఉండగా కిడ్నీలోకి సూది వేస్తే రక్తస్రావం కావచ్చు. అప్పుడు బయాప్సీని ఎప్పుడు చేయాలి, మందును ఎన్నాళ్లు ఆపవచ్చు, అసలు ఇప్పుడు చేయాలా వద్దా అన్నది మీ నెఫ్రాలజిస్ట్ మళ్లీ లెక్క వేసుకోవలసి వస్తుంది. కాలి సంగతి ఆయనకు చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే వెంటనే చెప్పండి.

ఇక మందుల సంగతి. మూత్రంలో రోజుకు 3.5 గ్రాములకు మించి ప్రొటీన్ పోతూ, ఆల్బుమిన్ పడిపోయి, ఒళ్లు వాచే స్థితిని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటాం. ఇది లక్షణాల పేరే తప్ప జబ్బు పేరు కాదు. దీని వెనక మినిమల్ చేంజ్, మెంబ్రేనస్, ఎఫ్‌ఎస్‌జీఎస్, లూపస్ వంటి వేర్వేరు జబ్బులు ఉండవచ్చు. వాపు చూసినా మూత్ర పరీక్ష చూసినా అన్నీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం ఒకటి కాదు. మినిమల్ చేంజ్ అయితే స్టెరాయిడ్లతో చాలామందికి వారాల్లో తగ్గుతుంది. మెంబ్రేనస్ అయితే స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చి ప్రయోజనం లేదు, కొందరిలో బీపీ మందులతో కొన్ని నెలలు ఆగి చూడటమే సరైన వైద్యం అవుతుంది. చిన్నపిల్లల్లో ఎక్కువ భాగం మినిమల్ చేంజ్ కాబట్టి బయాప్సీ లేకుండానే స్టెరాయిడ్ మొదలుపెడతాం. 38 ఏళ్ల మనిషికి ఆ ఊహ మీద వైద్యం చేయలేం.

మూత్రంలో ప్రొటీన్‌తో పాటు రక్తం కూడా పోతున్నా, క్రియాటినిన్ రోజుల్లో, వారాల్లో పెరిగిపోతున్నా, లూపస్ రోగికి మూత్రం తేడాగా వచ్చినా, మార్చిన కిడ్నీ సరిగా పనిచేయకపోయినా కూడా బయాప్సీ అడుగుతాం. క్రియాటినిన్ వేగంగా పెరిగేవాళ్లలో వారం ఆలస్యం కూడా నష్టమే. ఏళ్ల తరబడి షుగర్ ఉండి, కంటి రెటీనా కూడా దెబ్బతిని, నెమ్మదిగా ప్రొటీన్ పెరిగినవాళ్లకు చాలావరకు అవసరం ఉండదు. కిడ్నీలు అప్పటికే కుంచించుకుపోయి ఉంటే చేసినా లాభం లేదు.

మీ విషయంలో బయాప్సీ తప్పే దారి ఒకటి ఉండవచ్చు. యాంటీ పీఎల్‌ఏ2ఆర్ అనే రక్త పరీక్ష పాజిటివ్‌గా వచ్చి, కిడ్నీ పనితీరు మీలాగా మామూలుగా ఉంటే, అది మెంబ్రేనస్ అని బయాప్సీ లేకుండానే నిర్ణయించే అవకాశం ఉంది. ఈ పరీక్ష చేశారా అని అడగండి. నెగెటివ్ వస్తే మాత్రం జబ్బు లేదని అర్థం కాదు, బయాప్సీ అవసరం అప్పుడు ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు భస్మం గురించి. మీరు దాన్ని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నేను అలా వెళ్లలేను. పాదరసం కలిసిన కొన్ని నాటు మందులు వాడినవాళ్లలోనూ, చర్మం తెల్లబడటానికి పూసుకునే కొన్ని క్రీములు వాడినవాళ్లలోనూ మెంబ్రేనస్ జబ్బు రావడాన్ని తమిళనాడు, కేరళ వైద్యులు గమనించి ప్రచురించారు. మీ భస్మంలో ఏముందో చూడకుండా నేను చెప్పలేను, అదే కారణమని కూడా అనడం లేదు. కానీ అది మొదలుపెట్టిన నాలుగు నెలలకు వాపు వచ్చిందన్న వరుస చూస్తే దాన్ని ఈ రోజే ఆపాలి. నొప్పి మాత్రల్లో చాలావరకు కిడ్నీని నేరుగా దెబ్బతీయగలవు, కొన్నిసార్లు ఇదే నెఫ్రోటిక్ స్థితిని తేగలవు, రక్తస్రావాన్ని కూడా పెంచగలవు. వాటినీ ఆపండి. మాత్ర పేరు అడగకుండా ఇచ్చే షాపు వాడిని అని లాభం లేదు. పాఠాలు చెప్పే మీరు పేరు చూడకుండా మింగడం మాత్రం నాకు బాధగా ఉంది.

నా దగ్గరకు వచ్చిన ఒక రైతు సంగతి చెబుతాను. వయసు 45, ప్రొటీన్ రోజుకు 7 గ్రాములు. బయాప్సీకి భయపడి నాలుగు నెలలు ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలూ, వాపు తగ్గే మాత్రలూ వాడారు. వాపు అలాగే ఉంది, పైగా స్టెరాయిడ్ వల్ల షుగర్ వచ్చింది. చివరికి బయాప్సీ చేస్తే మెంబ్రేనస్ అని తేలింది. ఆ కణజాలంలో నెల్-1 అనే ప్రొటీన్ కనిపించింది. అది కనిపించినప్పుడు పాదరసం గురించీ, కొన్ని రకాల క్యాన్సర్ల గురించీ తప్పకుండా వెతకాలి. క్యాన్సర్ పరీక్షల్లో ఏమీ దొరకలేదు. మూడోసారి గుచ్చి గుచ్చి అడిగితే ఆయన భార్య సంచిలోంచి చిన్న పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. నడుము నొప్పికి ఏడాదిగా తేనెలో కలిపి నాకుతున్న పొడి అది. అది ఆపించి, స్టెరాయిడ్ నెమ్మదిగా తగ్గించి మానిపించి, బీపీ మందు మాత్రం ఇచ్చాం. తొమ్మిది నెలల్లో ప్రొటీన్ 1 గ్రాము లోపుకు వచ్చింది. అందరికీ ఇలాగే తగ్గుతుందని నేను హామీ ఇవ్వను. కానీ ఆ పొట్లాన్ని బయటికి తీయించింది బయాప్సీయే.

ముక్క కోయడం అన్న మాట మీ ఇంట్లో వాళ్లను భయపెడుతోంది. నిజానికి కోత ఉండదు. బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, సాధారణంగా ఎడమ కిడ్నీ కింది కొసను ఎంచుకుంటారు. చర్మం నుంచి కిడ్నీ దాకా మత్తు ఇంజక్షన్ ఇస్తారు, మీరు మెలకువగానే ఉంటారు. ఊపిరి బిగబట్టమన్నప్పుడు బిగబట్టాలి, ఎందుకంటే మనం ఊపిరి తీసినప్పుడల్లా కిడ్నీ కిందికీ పైకీ కదులుతుంది. స్ప్రింగు ఉన్న సూది టక్కుమని చప్పుడు చేసి వెనక్కి వస్తుంది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడేవాళ్లే ఎక్కువ, అందుకే నేను ముందుగా ఒకసారి గాల్లో నొక్కి వినిపిస్తాను. వచ్చేది సేమ్యా పోగంత సన్నగా, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవుండే కణజాలం. అలాంటివి రెండు తీస్తారు. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత గుత్తులు ఉంటాయి, ఆ రెండు పోగుల్లో కలిపి మాకు దొరికేవి ఇరవై, ముప్పై. వాటిని తీసినందువల్ల కిడ్నీ పనితీరు తగ్గదు. భయపడవలసింది ఒక్క రక్తస్రావం గురించే.

అందుకే ముందుగా ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్ చూస్తాం. బీపీ 140/90 దాటి ఉంటే తగ్గేదాకా ఆగుతాం. ఆస్పిరిన్ వాడేవాళ్లకు సాధారణంగా వారం ముందు ఆపిస్తాం. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి సొంతంగా ఆపకూడదు, వారి గుండె డాక్టరు చెప్పాలి.

తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటలు వెల్లకిలా పడుకోవాలి. మొదట్లో పావుగంటకోసారి నాడి, బీపీ చూస్తారు. పోసిన మూత్రాన్ని ప్రతిసారీ వేరే గాజు సీసాలో పట్టి వరుసగా పెట్టించే వార్డులు ఉన్నాయి. సీసా సీసాకూ రంగు తేటపడుతుంటే నిశ్చింత, ముదురుతుంటే డాక్టరును పిలవాలి. నూటికి ముగ్గురు, నలుగురికి మూత్రం కంటికి కనిపించేంత ఎర్రగా వస్తుంది, చాలావరకు ఒకటి రెండు రోజుల్లో దానంతటదే ఆగుతుంది. రక్తం ఎక్కించవలసి వచ్చేది సుమారు నూటికి ఒకరికి. గజ్జల్లోంచి సన్నని గొట్టం పంపి రక్తనాళాన్ని మూయవలసి వచ్చేది అంతకన్నా తక్కువమందికి. కిడ్నీ తీసేయవలసి రావడం, ప్రాణాపాయం చాలా చాలా అరుదు. అయినా సున్నా అని ఏ డాక్టరూ రాసివ్వలేరు, సంతకం పెట్టించుకునేది అందుకే. క్రియాటినిన్, బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఈ ప్రమాదం పెరుగుతుంది, మీకు క్రియాటినిన్ మామూలుగా ఉండటం మంచి విషయం.

రక్తస్రావం ఎక్కువ భాగం మొదటి 24 గంటల్లోనే బయటపడుతుంది కాబట్టి ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండటం మేలు. ఇంటికి వెళ్లాక నడుము పక్క నొప్పి పెరుగుతున్నా, కళ్లు తిరిగి చెమటలు పట్టినా, మూత్రంలో గడ్డలు వచ్చినా, మూత్రం బిగుసుకుపోయినా తెల్లవారేదాకా ఆగకండి. కొద్దిపాటి నొప్పికి మళ్లీ షాపు మాత్ర కాకుండా, డాక్టరు రాసిచ్చిన పారాసిటమాల్ మాత్రమే వేసుకోండి.

పూర్తి నివేదికకు వారం పైన పట్టవచ్చు. తీసిన కణజాలాన్ని రెండు మూడు భాగాలుగా వేర్వేరు పరీక్షలకు పంపుతారు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ భాగం ఆలస్యంగా వస్తుంది. భస్మం పొట్లాన్ని పారేయకుండా డాక్టరుకు చూపించండి. అంతా సవ్యంగా ఉంటే, మీ డాక్టరు సరేనంటే, వారం తర్వాత స్కూలుకు వెళ్లి కూర్చుని పాఠం చెప్పుకోవచ్చు. నీళ్ల బిందెలూ, నోటు పుస్తకాల కట్టలూ మోయడం, గతుకుల దారిలో బండి ఎక్కడం మాత్రం రెండు వారాలు మానండి.