పేరు వాళ్లు ముందు అప్లై చేశారు, వాడింది మాత్రం మీరు ముందు

ప్రశ్న: ఎం.వి.పి. కాలనీలో ఇంటి దగ్గరే కారప్పొడులు, ఆవకాయ చేసి ‘ఉప్పుగాలి’ పేరుతో 2019 దసరా నుంచి అమ్ముతున్నాం. పేరు రిజిస్టర్ చేయించుకోలేదు. ఎనిమిది నెలలుగా గాజువాకలో ఒకాయన ‘ఉప్పగాలి’ అని పెట్టి, మా ప్యాకెట్ లాంటి ప్యాకెట్‌లోనే కారప్పొడి అమ్ముతున్నాడు. అడిగితే, ‘ట్రేడ్‌మార్క్‌కి నేనే ముందు అప్లై చేశాను, మార్చుకోవాల్సింది మీరే’ అంటున్నాడు. మేం పేరు వదులుకోవాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వదులుకోనక్కర్లేదు. మన దేశంలో పేరు మీద హక్కు అప్లికేషన్‌తో పుట్టదు, వాడకంతో పుడుతుంది. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో సెక్షన్ 27 రెండు మాటలు చెబుతుంది. రిజిస్టర్ కాని పేరుకు, హక్కును ఉల్లంఘించారన్న ‘ఇన్‌ఫ్రింజ్‌మెంట్’ దావా వేయలేరు. కానీ తన సరుకును మీ సరుకుగా చలామణీ చేస్తున్నాడన్న ‘పాసింగ్ ఆఫ్’ దావా మాత్రం ఎప్పుడూ వేయవచ్చు. ఆయనకు రేపు సర్టిఫికెట్ వచ్చినా ఈ హక్కు పోదు. ఆయన వాడకం కంటే, ఆయన రిజిస్ట్రేషన్ తేదీ కంటే ముందు నుంచి ఆపకుండా వాడుతున్నవారిని ఆపే అధికారం ఆయనకు లేదని సెక్షన్ 34 చెబుతోంది. తిరునల్వేలి ఇరుట్టుకడై హల్వా పేరు మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2015లో ఇదే తేల్చింది: రిజిస్ట్రేషన్ ఉన్నవారి మీద కూడా ముందు నుంచి వాడుతున్నవారు పాసింగ్ ఆఫ్ దావా నడపవచ్చు.

అయితే ఇదంతా 2019 నుంచి మీరే వాడుతున్నారని కాగితం మీద చూపగలిగితేనే. చిన్న వ్యాపారాల కేసులు చట్టం దగ్గర ఓడిపోవడం తక్కువ, బిల్లుల దగ్గర ఓడిపోవడం ఎక్కువ. మీ పాత బిల్లు పుస్తకం తీసి చూడండి. ‘కారప్పొడి 250 గ్రా. – 20 ప్యాకెట్లు’ అని మాత్రమే రాసి ఉంటే, అది మీరు కారప్పొడి అమ్మారని చెబుతుంది గానీ ‘ఉప్పుగాలి’ అన్న పేరుతో అమ్మారని చెప్పదు. పేరు కనిపించే కాగితం కావాలి. అలాంటిది చాలామంది దగ్గర ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోరు: ప్యాకెట్ కవర్లు అచ్చు వేసిన ప్రెస్ ఇచ్చిన బిల్లు. అందులో మీ బ్రాండ్ పేరు, ఎన్ని కవర్లు, ఏ తేదీ అన్నీ ఉంటాయి. మీకు దాన్ని తయారుచేసి ఇవ్వాల్సిన అవసరం లేని మూడో మనిషి రాసిన కాగితం కాబట్టి జడ్జి దాన్ని నమ్ముతారు. దానితోపాటు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, ఎగ్జిబిషన్ స్టాళ్ల రసీదులు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన మొదటి ఫొటోలు, ఏడాదివారీ అమ్మకాల మీద చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ జత చేయండి. ఫోన్ నుంచి, కంప్యూటర్ నుంచి తీసిన ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడా పెట్టాలి. అది లేకపోతే అవతలి లాయరు మొదటి అభ్యంతరం అక్కడే లేవనెత్తుతారు.

ఆయన ఎప్పుడు మొదలుపెట్టాడన్నదీ తెలుసుకోవాలి. ఆయన దుకాణంలో ఒక ప్యాకెట్ కొని బిల్లు అడగండి. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్‌టీ నంబరు ఉంటే దాన్ని జీఎస్‌టీ పోర్టల్‌లో Search Taxpayer దగ్గర కొట్టండి. రిజిస్ట్రేషన్ ఏ తేదీ నుంచి అమల్లో ఉందో అందరికీ కనిపిస్తుంది. ఆయన తన అప్లికేషన్‌లో ‘2017 నుంచి వాడుతున్నాను’ అని రాసుకుని ఉంటే ఈ ఒక్క తేదీతోనే ఆ మాట మీద గట్టి అనుమానం పుడుతుంది. ఆ ప్యాకెట్‌ను తెరవకుండా, బిల్లుతో కలిపి దాచండి.

ఇక పోలిక సంగతి. ‘మాది ఉప్పు, వాళ్లది ఉప్ప’ అని ఒక్క కొమ్ము తేడాను ఆయన లాయరు పట్టుకుంటారు. కోర్టు చూసే పద్ధతి అది కాదు. పార్లే బిస్కట్ల కేసులో (1972) రెండు రేపర్ల మీదా బొమ్మలు వేరే. ఒకదాని మీద బిందె పట్టుకున్న అమ్మాయి, చుట్టూ ఆవులు, కోళ్లు. రెండోదాని మీద నెత్తిన గడ్డిమోపు, చేతిలో కొడవలి ఉన్న అమ్మాయి, పక్కన ఆవు, కోళ్లు. రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టకూడదనీ, ముందెప్పుడో ఒకటి చూసిన కొనుగోలుదారు మనసులో మిగిలే మొత్తం రూపమే ముఖ్యమనీ సుప్రీంకోర్టు చెప్పి, రెండోది మోసపుచ్చేలా ఉందని తేల్చింది. మీ విషయంలో కొనేవాళ్లు ఎవరు? కిరాణా కొట్టులో ‘ఆ ఉప్పుగాలి కారప్పొడి ఒకటివ్వు’ అని నోటితో అడిగేవాళ్లు. ఆ నోటిమాటలో ఉప్పు, ఉప్ప ఒకటే వినిపిస్తాయి. పేరు విని తీసుకునే సరుక్కి ఉచ్చారణలో పోలికే పెద్ద బలం.

మీది కానిదేమిటో కూడా తెలిసి ఉండాలి. ‘కారప్పొడి’ అన్న మాట, ఎండుమిరపకాయ బొమ్మ, గోధుమరంగు కాగితం కవరు ఎవరైనా వాడుకోవచ్చు. వాటిని కూడా మీవేనని నోటీసులో రాస్తే మీ అసలు వాదన పలచబడుతుంది. ‘ఉప్పుగాలి’ అన్న పేరు, దాని కింద మీ అలల గీతలాంటి ప్రత్యేకమైన గుర్తు ఏదైనా ఉంటే అది, అన్నీ కలిసి ఏర్పడే అమరిక: వీటి మీదే నిలబడండి. ఉప్పుగాలి అన్న మాటకు కారప్పొడి గుణంతో సంబంధం లేదు. అందుకే అది బలమైన పేరు. అదే ‘వైజాగ్ కారప్పొడి’ అయి ఉంటే నేను ఇంత ధైర్యంగా రాసేవాణ్ని కాదు.

పాసింగ్ ఆఫ్‌లో మూడు చూపాలి: ఆయన రాకముందే మీ పేరుకు మార్కెట్‌లో గుర్తింపు ఉంది, ఆయన సరుకు మీదే అనుకునేలా ఉంది, దానివల్ల మీకు నష్టం. ఆయన ఉద్దేశపూర్వకంగా చేశాడని రుజువు చేయనక్కర్లేదు. ఎవరైనా ఆయన ప్యాకెట్ కొని, రుచి బాగోలేదని మీకు వాట్సాప్‌లో ఫిర్యాదు చేసి ఉంటే ఆ మెసేజ్ చెరపకండి. రెండో అంశానికి, మూడో అంశానికి ఒకేసారి పనికొచ్చే సాక్ష్యం అదే.

ఈ వారంలోనే మీ అప్లికేషన్ వేయండి. ఫారం టీఎం-ఎ, ఆన్‌లైన్‌లో. సరుకు రకాన్ని బట్టి క్లాసులుంటాయి; వ్యక్తిగత దరఖాస్తుదారుకు ఒక్కో క్లాసుకు ఫీజు 4,500 రూపాయలు. పొడులు క్లాసు 30లోకి, ఊరగాయలు క్లాసు 29లోకి వస్తాయి. పేరును వర్డ్ మార్కుగా రెండు క్లాసుల్లోనూ, తెలుగు అక్షరాలతో ఉన్న లేబుల్‌ను డివైస్ మార్కుగా క్లాసు 30లోనూ వేస్తే ఫీజు 13,500 అవుతుంది. లేబుల్ ఒక్కటే వేసి ఊరుకోకండి. రేపు ఎవరైనా బొమ్మ మొత్తం మార్చి పేరు ఒక్కటే కాపీ కొడితే వర్డ్ మార్కే ఆదుకుంటుంది.

ఇక్కడే ఒక తప్పు తరచూ జరుగుతుంది. ఫారంలో ఎప్పటి నుంచి వాడుతున్నారని అడిగే చోట, పని త్వరగా అవుతుందని కొందరు ఏజెంట్లు proposed to be used అని పెట్టేస్తారు. ముందు నుంచి వాడుతున్నామంటే అఫిడవిట్, ఆధారాలు జత చేయాలి కాబట్టి ఆ శ్రమ తప్పించుకోవడానికి. ఆ మూడు నాలుగు మాటలతో ‘ఇంకా వాడలేదు’ అని మీ సంతకంతో మీరే ఒప్పుకున్నట్టవుతుంది. కోర్టులో 2019 అని చెప్పినప్పుడు అవతలివాళ్లు మొదట తీసేది ఆ కాగితమే. 2019లో మీ దగ్గరున్న తొలి ఆధారం ఏ తేదీదో ఆ తేదీనే రాయండి. దసరాకే మొదలుపెట్టినా మొదటి బిల్లు నవంబరుదైతే నవంబరే రాయండి. అప్లికేషన్ వేశాక పేరు పక్కన ™ పెట్టుకోవచ్చు. ® మాత్రం సర్టిఫికెట్ వచ్చేదాకా పెట్టకూడదు, అది నేరం.

తర్వాత ఆయన అప్లికేషన్ ఎక్కడుందో చూడండి. tmrsearch.ipindia.gov.in లో Phonetic ఎంచుకుని క్లాసు 30లో వెతకండి. Objected అని ఉంటే ఇంకా రిజిస్ట్రీ పరిశీలనలోనే ఉంది. Accepted & Advertised అని ఉంటే గడియారం నడుస్తోందని అర్థం: ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో వచ్చిన తేదీ నుంచి నాలుగు నెలల్లో ఫారం టీఎం-ఓతో అభ్యంతరం వేయాలి, ఆన్‌లైన్‌లో క్లాసుకు 2,700. జర్నల్ సోమవారాల్లో వస్తుంది. 2026 మార్చి 2 జర్నల్‌లో వచ్చిందనుకుంటే జూలై 2తో గడువు ముగుస్తుంది. ఒక్క రోజు కూడా పొడిగించరు. మీ అభ్యంతరం కాపీ అందిన రెండు నెలల్లో ఆయన సమాధానం ఇవ్వకపోతే ఆయన అప్లికేషన్ వదిలేసుకున్నట్టే. ఇచ్చాడంటే, అది మీకు అందిన రెండు నెలల్లో మీరు సాక్ష్యం దాఖలు చేయాలి, లేదంటే మీ అభ్యంతరం పోతుంది. ఇప్పటికే Registered అయి ఉంటే సెక్షన్ 57 కింద రద్దు కోరాలి. మన రాష్ట్రానికి రిజిస్ట్రీ చెన్నైలో ఉంది.

మీ అప్లికేషన్‌కు ఆయన పేరునే అడ్డుగా చూపుతూ రిజిస్ట్రీ నుంచి పరీక్షా నివేదిక రావచ్చు. దాన్ని చూసి కంగారుపడి వదిలేయకండి. 30 రోజుల్లో, మీరే ముందు వాడుకదారులని ఆధారాలతో జవాబివ్వండి.

చెన్నైలో జరిగేదేదీ గాజువాకలో అమ్మకం ఆపదు. దానికి విశాఖలోని కమర్షియల్ కోర్టులో పాసింగ్ ఆఫ్ దావా, దానితోపాటు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్ వేయాలి. మామూలుగా వాణిజ్య దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, తక్షణ ఉత్తర్వు అవసరమైతే నేరుగా వేయవచ్చు. కానీ ఎనిమిది నెలలు ఊరుకున్నవారికి తొందరేమిటని ఆయన అడుగుతాడు. ఆయన ప్యాకెట్ మీరు మొదట ఎప్పుడు చూశారో, ఎప్పుడు వెళ్లి అడిగారో దావాలో దాచకుండా తేదీలతో రాయండి. ఇంకా నెలలు పోనివ్వకండి. ముందు లాయరు నోటీసు పంపిస్తే 10 రోజుల గడువు చాలు. అందులో ‘ఇన్‌ఫ్రింజ్‌మెంట్’ అన్న మాట వాడనివ్వకండి. మీకు ఇంకా రిజిస్ట్రేషన్ లేదు, ఆధారం లేని బెదిరింపని సెక్షన్ 142 కింద ఆయనే మీ మీద దావా వేసే వీలు ఇవ్వడమెందుకు?

నోటీసు అందగానే ఆయన రాజీకి రావచ్చు. పేరు మారుస్తాను, ఉన్న స్టాకు అమ్ముకోనివ్వండి అంటాడు. స్టాకు లెక్క రాయించి, అమ్ముకోవడానికి ఒక తేదీ పెట్టండి. చెన్నైలో అప్లికేషన్ వెనక్కి తీసుకుని, ఆ కాగితం చూపించాకే మీ అభ్యంతరం వదులుకోండి. ‘గాలి’ అన్న మాట ఉంచుకుని ‘ఉప్పటిగాలి’ అంటే ఒప్పుకోకండి. దావా వేశాక రాజీ కుదిరితే దాన్ని స్టాంపు కాగితం మీద వదిలేయకుండా ఆర్డర్ 23 రూల్ 3 కింద కోర్టులోనే డిక్రీగా రాయించండి. మాట తప్పితే కొత్త దావా వేయనక్కర్లేదు, నేరుగా అమలు పిటిషన్ వేయవచ్చు.