‘ఏది ముందైతే అది’ అంటే ఏది ముందు?

ప్రశ్న: నమస్తే సర్. మాది నాయుడుపేట. మెకానికల్ డిప్లొమా చేశాను, ఇప్పుడు చెన్నై అంబత్తూరులో హాస్టల్లో ఉంటున్నాను. ఇక్కడ ఒక అనువాద సంస్థ టెస్ట్ పెట్టింది. రైస్ మిల్లుకి అమ్మే ఎయిర్ కంప్రెసర్ ఒప్పందంలోంచి వారంటీ, సర్వీసింగ్, లయబిలిటీ గురించి మూడు వాక్యాలు ఇచ్చి తెలుగులో రాయమన్నారు. "భాష బాగుంది, అర్థం మారిపోయింది" అని తిప్పి పంపేశారు. నా అనువాదం జతచేశాను. ఈ పనికి లా చదవాలా?

జవాబు: లా చదవక్కర్లేదమ్మా. మీ మూడు వాక్యాలూ చూశాను. పొరపాట్లు చట్టం తెలియక వచ్చినవి కావు. మిల్లులో ఆ కాగితం పట్టుకుని నిలబడే మనిషి దాన్ని ఎలా చదువుతాడో ఊహించకపోవడం వల్ల వచ్చినవి.

మొదటిది వారంటీ. కమిషనింగ్ నుంచి 12 నెలలు లేదా డిస్పాచ్ నుంచి 18 నెలలు, విచెవర్ ఈజ్ ఎర్లియర్ అని ఇంగ్లిషులో ఉంది. యంత్రాల ఒప్పందాల్లో ఈ వాక్యం తరచూ కనిపిస్తుంది. మీరు "అమర్చిన తేదీ నుంచి 12 నెలలు లేదా పంపిన తేదీ నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది" అని రాశారు. చదవడానికి హాయిగా ఉంది. కానీ ‘ముందు’ అన్న మాట దేనికి చెందుతుంది? పంపిన తేదీ ఎప్పుడూ అమర్చిన తేదీకి ముందే ఉంటుంది కదా. "ఏది ముందైతే అది" అని చదివిన మిల్లు యజమాని "పంపిన తేదీ ముందుంది కాబట్టి నాకు 18 నెలలు" అనుకుంటాడు. అలా అనుకోవడం అతని తప్పు కాదు.

తేదీలు వేసి చూడండి. కంప్రెసర్ 2024 జనవరి 10న లారీ ఎక్కింది, ఫిబ్రవరి 1న కమిషనింగ్ అయింది అనుకుందాం. డిస్పాచ్ లెక్కన గడువు 2025 జూలై 10 దాకా ఉంటుంది. కమిషనింగ్ లెక్కన 2025 ఫిబ్రవరి 1కే అయిపోతుంది. ఇంగ్లిషు ప్రకారం చెల్లేది ఫిబ్రవరే. ఏప్రిల్‌లో కంప్రెసర్‌లో గాలిని నొక్కే భాగం, అంటే ఎయిర్ ఎండ్, పట్టేస్తే యజమాని మీ తెలుగు కాగితం తీసి "ఇంకా మూడు నెలలుంది" అంటాడు, అమ్మినవాళ్లు ఇంగ్లిషు కాగితం చూపిస్తారు.

అందుకే ‘ముందు’ని తేదీకి కాకుండా గడువుకి కట్టాలి: "కమిషనింగ్ తేదీ నుంచి 12 నెలలు, డిస్పాచ్ తేదీ నుంచి 18 నెలలు. ఈ రెండు గడువుల్లో ఏది ముందు ముగిస్తే, అంతవరకే వారంటీ ఉంటుంది." ‘లేదా’ని నేను కావాలనే తీసేశాను. ‘లేదా’ అనగానే మనకి కావలసింది ఎంచుకోవచ్చన్న భావన వచ్చేస్తుంది. యంత్రం కొని షెడ్డు పూర్తికాక, కరెంటు కనెక్షన్ రాక ఏడాదిపాటు టార్పాలిన్ కింద ఉంచేసేవాళ్లుంటారు. వాళ్ల కోసం వారంటీ ఎంతకాలమైనా సాగకుండా 18 నెలల హద్దు పెడతారు. ఈ కారణం తెలిస్తే వాక్యం దానంతటదే సరిగ్గా కుదురుతుంది.

కమిషనింగ్‌ని ‘అమర్చడం’ అన్నారు, అదీ కుదరదు. బిగించడం ఒక రోజు, నడిపి చూసి, ప్రెజర్ సరిచూసి, రిపోర్టు మీద ఇద్దరూ సంతకాలు పెట్టడం ఇంకో రోజు. లెక్క మొదలయ్యేది రెండోదాని నుంచే. మిల్లులో అందరూ కమిషనింగ్ అనే అంటారు, అలాగే ఉంచండి. శీర్షికలో వారంటీని ‘హామీ’ అన్నారు. మన ఊళ్లలో హామీ అంటే ఇంకొకరి అప్పుకి సంతకం పెట్టడం. 1872 కాంట్రాక్టు చట్టం 126వ సెక్షన్ చెప్పే గ్యారంటీ కూడా ఇంచుమించు అదే. వారంటీ అంటే వారంటీయే.

రెండోది సర్వీసింగ్. ప్రతి 2000 రన్నింగ్ అవర్స్‌కి లేదా 6 నెలలకి, ఏది ముందు వస్తే అప్పుడు ఆయిలు, ఫిల్టర్లు మార్చాలి అని ఇంగ్లిషులో ఉంది. మీరు "2000 పని గంటలకు లేదా ఆరు నెలలకు ఒకసారి" అని ఆపేశారు. ‘ఏది ముందు వస్తే అప్పుడు’ అన్న ముక్క పోయింది. సీజన్‌లో మిల్లు రోజుకి 20 గంటలు నడిస్తే 2000 గంటలు 100 రోజుల్లో వచ్చేస్తాయి. ఆపరేటర్ ఆరు నెలలు అనుకుని ఆగితే మీటరు 3600 దాటుతుంది. సర్వీస్ తప్పితే వారంటీ చెల్లదని ఇంకో క్లాజు సాధారణంగా ఉంటుంది కాబట్టి ఇక్కడి తప్పు అక్కడ తగులుతుంది.

‘పని గంటలు’ కూడా చిక్కే. స్క్రూ కంప్రెసర్ మోటారు తిరుగుతూనే గాలి ఇవ్వకుండా అన్‌లోడ్‌లో ఉండగలదు. చాలా కంట్రోలర్లలో రన్నింగ్ అవర్స్ వేరుగా, లోడ్ అవర్స్ వేరుగా కనిపిస్తాయి. గాలి ఇచ్చినప్పుడే ‘పని’ అని ఆపరేటర్ అనుకుంటే తక్కువ అంకె ఉన్న మీటరు చూస్తాడు. "కంట్రోలర్‌లో రన్నింగ్ అవర్స్ అని కనిపించే లెక్క ప్రకారం" అని రాస్తే ఆ అనుమానం రాదు.

ఇది నేను చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నది. ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక కంపెనీ మాన్యువల్‌లో ‘పని గంటలు’ అనే రాశాను. సర్వీస్ ఇంజినీర్ ఫోన్ చేసి "మీరు ఏ మీటరు గురించి రాశారు సార్?" అని అడిగేదాకా రెండు మీటర్లుంటాయనే నాకు తెలియదు. డిప్లొమా చేసిన మీకు అది ముందే తెలిసి ఉండాలి. ఈ పనిలో మీకున్న బలం అదే, టెస్టులో దాన్నే వాడలేదు.

మూడోది లయబిలిటీ. "సరఫరాదారుకు ఎటువంటి పరోక్ష బాధ్యత ఉండదు, బాధ్యత ఒప్పందం విలువను మించదు" అన్నారు. పరోక్షం అన్నది నష్టానికి చెందిన మాట, మీరు దాన్ని బాధ్యతకి తగిలించారు. పైగా తెలుగులో బాధ్యత చాలా పెద్ద మాట. ఇలా రాస్తే రిపేరు చేయాల్సిన పనిలేదని కూడా అనిపిస్తుంది. కంప్రెసర్ ఆగితే బియ్యంలో రంగు మారిన గింజల్ని ఏరే సార్టెక్స్ యంత్రానికి గాలి అందదు, నల్ల గింజని ఊదలేదు, మిల్లు నాలుగు రోజులు నిలిచిపోతుంది. రిపేరు వారంటీ ప్రకారం చేయాల్సిందే. ఆ నాలుగు రోజుల ఉత్పత్తికీ, పోయిన ఆర్డరుకీ డబ్బు కట్టరని మాత్రమే ఈ క్లాజు చెబుతోంది. "ఉత్పత్తి ఆగడం, లాభం పోవడం వంటి పరోక్ష నష్టాలకు సరఫరాదారు పరిహారం చెల్లించరు" అని రాయండి.

రెండో సగంలో మీరు వదిలేసింది, అన్నీ కలిపి మొత్తం అని చెప్పే ‘అగ్రిగేట్’ అన్న ఒక్క మాట. ఒప్పందం విలువ 8 లక్షలనుకోండి. 5 లక్షల చొప్పున రెండు క్లెయిములు వస్తే, మీ వాక్యం ప్రకారం ఏదీ 8 దాటలేదు, మొత్తం 10 లక్షలూ రావాలి. ఇంగ్లిషు ప్రకారం 8 దగ్గర ఆగుతుంది. "అన్ని క్లెయిములూ కలిపి" అన్న మూడు మాటలు చేరిస్తే సరిపోయేది.

ఆ సంస్థకి మళ్లీ రాయండి. సరిదిద్దిన మూడు వాక్యాలతోపాటు ఒక క్వెరీ షీట్ పెట్టండి. ఇంగ్లిషులోనే స్పష్టత లేనిచోట అనువాదకుడు సొంతంగా తేల్చేయకూడదు, అడగాలి. ఈ టెస్టులో అడగాల్సినవి నాకు రెండు కనిపించాయి. 2000 గంటలు కమిషనింగ్ నుంచి లెక్కా, కిందటి సర్వీస్ నుంచి లెక్కా? రెండు ప్రతులకీ తేడా వస్తే ఏది చెల్లుతుంది? ఇంగ్లిషుదే అయితే ఆ మాట తెలుగు ప్రతి మొదటి పేజీలోనే వేయమని కూడా అడగండి. చివరి పేజీలో వేస్తే మిల్లులో అంతదాకా చదివేవాళ్లుండరు.