మూడు టీమ్‌ల ఆన్‌బోర్డింగ్ మెయిల్స్‌ని ఒకే వరుసలోకి తేవడం ఎలా?

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా ఖాతా తెరిచినవాళ్లకు మార్కెటింగ్, ప్రొడక్ట్, సేల్స్ టీమ్‌లు ఎవరికి వాళ్లు మెయిల్స్ పంపుతున్నారు. ఒకే విషయం రెండు మూడు సార్లు వెళ్తోంది. వీటన్నిటినీ కలిపి ఒక్కో మెయిల్‌కి ఒక్కటే పని ఉండేలా ఎలా చేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మెయిల్స్‌లోని మాటలు దిద్దే పని ఇప్పుడే పెట్టుకోకండి. ముందు అన్నిటినీ ఒక షీట్‌లో వరుసకు ఒకటి చొప్పున ఎక్కించండి. ఎవరు పంపుతున్నారు, ఏం జరిగితే వెళ్తుంది, ఎన్నో రోజున వెళ్తుంది, ప్రధాన బటన్ ఎక్కడికి తీసుకెళ్తుంది, ఏం జరిగితే ఆగుతుంది అని కాలమ్స్ పెట్టుకోండి. చివరి కాలమ్ చాలావరకు ఖాళీగానే మిగులుతుంది. మీ ఇబ్బందిలో సగం అక్కడే ఉంటుంది.

నేను ఈ పని చేసింది ఇన్వాయిస్‌లు తయారుచేసే ఒక సాఫ్ట్‌వేర్‌కి. షీట్‌లో 11 మెయిల్స్ తేలాయి. తేదీ ప్రకారం చూస్తే అన్నీ సబబుగానే అనిపించాయి. బటన్ కాలమ్ ప్రకారం సార్ట్ చేశాక అసలు సంగతి బయటపడింది: నాలుగు మెయిల్స్ మొదటి ఇన్వాయిస్ చేయమంటున్నాయి, మూడు కంపెనీ వివరాలు నింపమంటున్నాయి, రెండు ఆన్‌లైన్ చెల్లింపులు ఆన్ చేయమంటున్నాయి. మిగిలిన రెండింటిలో తలా అయిదారు లింకులు, దేనికోసం పంపుతున్నారో రాసినవాళ్లే చెప్పలేకపోయారు. వాటిని తీసేశాం.

వరుసను మాత్రం తేదీలతో కాకుండా, ఏ పని అయ్యాక ఏ పని సాధ్యమో చూసి కట్టాలి. కంపెనీ పేరు, పన్ను నంబరు లేకుండా ఇన్వాయిస్ పూర్తికాదు. ఒక ఇన్వాయిస్ అయినా పంపనివాడికి ఆన్‌లైన్ చెల్లింపుల గురించి చెప్పి లాభం లేదు. పాత వరుసలో ఆ మెయిల్ రెండో రోజే వెళ్లేది! ఇలా పేర్చేటప్పుడు ఒక ఖాళీ కూడా కనబడింది. ఇన్వాయిస్ తయారుచేసి, కస్టమర్‌కి పంపకుండా డ్రాఫ్ట్‌లోనే వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకోసం 11లో ఒక్క మెయిలూ లేదు.

చివరికి అయిదు మిగిలాయి. ఈమెయిల్ ధృవీకరణ అవగానే స్వాగతం, అందులో కంపెనీ వివరాలు నింపే బటన్. అవి నింపాక మర్నాటికీ ఇన్వాయిస్ చేయకపోతే రెండోది. డ్రాఫ్ట్ పంపకుండా ఉంటే మూడోది. మొదటి ఇన్వాయిస్ వెళ్లాక చెల్లింపుల గురించి నాలుగోది. ట్రయల్ ముగియడానికి 3 రోజుల ముందు అయిదోది. ఇదొక్కటే తేదీని బట్టి వెళ్తుంది. సేల్స్ వాళ్లు పట్టుబట్టింది కూడా దీనికోసమే, అందులో న్యాయం ఉంది. ధృవీకరణ, పాస్‌వర్డ్, రసీదు మెయిల్స్‌ని ఈ వరుసలో కలపకండి. వాటి దారి వాటిదే.

ఒకే పని అడిగే నాలుగు మెయిల్స్‌ని కలపడమంటే నాలుగింటి పేరాలూ ఒకచోట అతికించడం కాదు. అలా చేస్తే పొడవాటి మెయిల్ వస్తుంది, చదివేవాడు బటన్ దాకా రాడు. నాలుగింటిలో గట్టి కారణం ఒకటి తీసుకుని దాని చుట్టూ కొత్తగా రాయండి. రెండో మంచి కారణాన్ని రిమైండర్‌కి దాచుకోండి. వివరణలు సహాయ పేజీకి పంపేయండి. రిమైండర్ ఒక్కటి చాలు. అందులో "ఎక్కడ ఆగారో ఈ మెయిల్‌కి రిప్లై ఇవ్వండి" అని అడిగితే పనికొచ్చే జవాబులు వస్తాయి. దానికీ కదలకపోతే తర్వాతి మెట్టుకి లాగవద్దు, ట్రయల్ మెయిల్ దాకా వదిలేయండి.

ఇక దెబ్బతినేది టూల్ సెట్టింగ్స్‌లో. పని అయిందా లేదా అన్న షరతును వరుసలోకి చేర్చేటప్పుడు మాత్రమే చూస్తే సరిపోదు, మెయిల్ వెళ్లే క్షణంలో మళ్లీ చూడాలి. మా యాప్ నుంచి మెయిల్ టూల్‌కి సమాచారం గంటకోసారి వెళ్లేది. అందువల్ల ఇన్వాయిస్ పంపిన పది నిమిషాలకే "మీ ఇన్వాయిస్ ఇంకా పంపలేదు" అని వెళ్లే అవకాశం ఉండేది. పంపేముందు రెండు గంటల ఎడం పెట్టి ఆపాం. మీ మూడు టీమ్‌లు మూడు టూల్స్ వాడుతుంటే ఈ అయిదు మెయిల్స్‌నీ ఒకే టూల్‌లోకి తెచ్చేయండి. ఒక టూల్ ఏం పంపిందో ఇంకోదానికి తెలియనంత కాలం మెయిల్స్ మళ్లీ ఢీకొంటూనే ఉంటాయి.

మార్చే రోజున పాత వరుస మధ్యలో ఉన్నవాళ్లను కొత్తదానిలోకి దూకించకండి. వాళ్లకు స్వాగతం రెండోసారి వెళ్తుంది. పాతది వాళ్లకు పూర్తవనివ్వండి, కొత్త ఖాతాలను మాత్రమే కొత్త వరుసలో వేయండి.

ఫలితం చూడటానికి ఓపెన్ రేట్‌ని నమ్మలేం. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లోని ప్రైవసీ సదుపాయం, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు చూపిస్తోంది. ఒక్కో మెయిల్‌కి ఒక్కటే పని పెట్టుకున్నాం కాబట్టి, ఆ మెయిల్ అందుకున్నవాళ్లలో ఎంతమంది రెండు మూడు రోజుల్లో ఆ పని చేశారో లెక్కపెట్టండి. వీలైతే కొద్దిమందికి ఆ మెయిల్ పంపకుండా ఉంచి పోల్చండి. రెండు గుంపులకీ తేడా లేకపోతే ఆ మెయిల్‌ని కూడా తీసేయొచ్చు.